డాబాకు అలుగు ఉందా? పిట్టగోడ ఎత్తు, వాన పైపుల సైజు, దూరం: ఒక ఇంటి లెక్కతో

ఇల్లు కట్టేటప్పుడు వాన పైపుల మాట అందరికంటే చివర్లో వస్తుంది. స్లాబ్ పడుతుంది, పిట్టగోడ లేస్తుంది, ప్లాస్టరింగ్ కూడా సగం అవుతుంది. అప్పుడు ప్లంబర్ వచ్చి "రెండు మూలల్లో రెండు మూడంగుళాల పైపులు పెట్టేస్తా సార్, చాలు" అంటాడు. ఓనర్ తలూపుతాడు. ఆ రెండు పైపులు ఎన్ని చదరపు అడుగుల నీటిని దించగలవో అప్పుడు ఎవరూ లెక్క చూడరు. తర్వాత ఏ సెప్టెంబరు సాయంత్రమో అరగంట వాన దంచితే మెట్ల గది తలుపు కింద నుంచి నీళ్లు జలపాతంలా దిగుతాయి.

పిట్టగోడ కట్టిన డాబా అంటే చిన్న చెరువే. పిట్టగోడ దానికి కట్ట, వాన పైపులు తూములు. కట్టా తూములూ ఉన్నా అలుగు లేని చెరువును మన ఊళ్లలో ఎవరూ తవ్వరు, డాబాలు మాత్రం అన్నీ అలాగే కడతాం. ఈ మూడూ ఒకే లెక్కలోవి కాబట్టి ఒక ఇంటిని తీసుకుని మొదటి నుంచి చివరి దాకా వేసుకుందాం. డాబా 28 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు. మధ్యలో ఒక పక్కగా మెట్ల గది. రెండంతస్తుల మామూలు ఇల్లు.

1. ఎంత వానకు లెక్క వేయాలి

పేపర్లో వచ్చే వర్షపాతం 24 గంటలది. 2000 ఆగస్టు 24న హైదరాబాద్‌లో ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు పడింది. అంత పెద్ద వాన కూడా గంటలకు పంచితే సగటున గంటకు ఒక సెంటీమీటరే. ఆ సగటును ఏ చిన్న పైపైనా దించేస్తుంది. డాబా పొర్లేది రోజంతా పడే ముసురుకు కాదు, పదిహేను ఇరవై నిమిషాల పాటు ఆపకుండా దంచే వానకు. అందుకే పైపుల లెక్కలో రోజు మొత్తాన్ని చూడరు, గంటకు ఎన్ని మిల్లీమీటర్ల జోరున పడుతోందో చూస్తారు.

మన ప్రాంతంలో గంటకు 100 మి.మీ. జోరు తక్కువలో తక్కువ లెక్క. ఇల్లు కోస్తాలో తుపాన్లు తగిలే చోట ఉన్నా, డాబా నుంచి నీరు లోపలికి వచ్చే దారి ఉన్నా 150 తీసుకోవడం మంచిది. పైపుల ఖర్చులో తేడా కొన్ని వేలే ఉంటుంది కాబట్టి నేనైతే ఎక్కడైనా 150కే వేస్తాను.

2. డాబా విస్తీర్ణం

28 ఇంటూ 40 అంటే 1120 చదరపు అడుగులు. మెట్ల గది పైకప్పు నీళ్లు కూడా ఈ డాబా మీదే పడతాయి, కానీ ఆ చోటు ఇందులోనే ఉంది కాబట్టి మళ్లీ కలపనక్కర్లేదు. కలపాల్సింది గోడను. ఈదురుగాలితో వాన ఏటవాలుగా వచ్చినప్పుడు మెట్ల గది గోడకు కొట్టిన నీరంతా కిందికి జారి డాబా మీదికే వస్తుంది. అందుకే పెద్ద గోడ ఒకదాని విస్తీర్ణంలో సగం కలుపుతారు. 12 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తున్న గోడ 96 చదరపు అడుగులు, అందులో సగం 48. మొత్తం 1168 చదరపు అడుగులు, అంటే దాదాపు 108 చదరపు మీటర్లు.

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. గంటకు 150 మి.మీ. జోరులో ఈ డాబా మీద గంటకు 16 వేల లీటర్ల పైచిలుకు, అంటే సెకనుకు నాలుగున్నర లీటర్లు పడతాయి. నాలుగు నిమిషాల్లో ఒక వెయ్యి లీటర్ల ట్యాంకు నిండినంత నీరు అన్నమాట.

3. పైపు సైజు, ఎన్ని పైపులు

జాతీయ భవన నియమావళిలో నిలువు వాన పైపులకు ఒక పట్టిక ఉంది. దాన్ని చదరపు అడుగుల్లోకి మార్చి, మనకు కావలసిన రెండు సైజులు మాత్రం చెబుతాను. నాలుగంగుళాల పైపు 100 మి.మీ. జోరుకు సుమారు 460 చదరపు అడుగులు దించుతుంది, 150 మి.మీ. జోరుకు సుమారు 305. మూడంగుళాల పైపు 100 జోరుకు 220 చదరపు అడుగులు, 150 జోరుకు 145.

మన 1168 చదరపు అడుగులకు నాలుగంగుళాల పైపులైతే 100 జోరుకు మూడు, 150 జోరుకు నాలుగు కావాలి. మూడంగుళాలవైతే 100 జోరుకే ఆరు. ప్లంబర్ చెప్పిన రెండు మూడంగుళాల పైపులు ఎక్కడ మిగిలిపోయాయో ఇప్పుడు తెలుస్తుంది. అవి మోసేది 440 చదరపు అడుగులు, డాబాలో సగం కూడా కాదు.

నాలుగు పైపులకు ఇంకో లాభం ఉంది. వానలో ఒకటి ఆకులతో మూసుకుపోయినా మిగిలిన మూడూ 100 జోరు వానను దించేస్తాయి. రెండే ఉన్న ఇంట్లో ఒకటి మూసుకుంటే సగం దారి పోయినట్టే. అందుకే ఎంత చిన్న డాబా అయినా ఒకే పైపుతో సరిపెట్టొద్దు.

"నాలుగంగుళాల పైపులో అంతకంటే చాలా నీళ్లు పోతాయి కదా" అని అడిగేవాళ్లున్నారు. నిజమే, పైపు గొంతులో పోతాయి. కానీ నీళ్లు పైపులోకి దిగాలంటే ముందు దాని నోటి అంచు మీదుగా పొర్లాలి. డాబా మీద నీరు అంగుళం కూడా లోతు ఉండదు, అంత పలచటి నీరు ఆ నోట్లోకి సెకనుకు లీటరో లీటరున్నరో మాత్రమే దిగుతుంది. కాబట్టి అసలు ఇరుకు పైపులో లేదు, నోటి దగ్గర ఉంది. పట్టికలో అంకెలు చిన్నగా కనిపించడానికి కారణం అదే.

4. నోరు ఎలా ఉండాలి

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది పిట్టగోడ అడుగున అడ్డంగా దూర్చిన పైపు ముక్క, బయట ఒక ఎల్బో, అక్కడి నుంచి కిందికి పైపు. చూడటానికి అదీ నాలుగంగుళాలే. కానీ అడ్డంగా ఉన్న గుండ్రటి నోట్లోకి ముప్పాతిక అంగుళం లోతు నీరు వెళ్తే, అడుగున ఒక సన్నని ముక్క మాత్రమే తడుస్తుంది. అదే లోతు నీరు నేల మీద పైకి తెరిచి ఉన్న నోటికి చుట్టూరా నాలుగు వైపుల నుంచీ దిగుతుంది. అడ్డం నోరు అందులో మూడో వంతు కూడా లాగదు. పైన చెప్పిన పట్టిక పైకి తెరిచిన నోటిని బట్టే వేసుకోవాలి.

వీలైన చోటల్లా నోరు నేలలోనే పెట్టించండి. దాని చుట్టూ అడుగున్నర చదరపు మేర ఒక పల్లం చేయించి, మధ్యలో చుట్టుపక్కల నేల కంటే అంగుళానికి పైగా లోతు ఉండేలా చూడండి. నీళ్లు ఆ పల్లంలో చేరి లోతు పెరుగుతాయి, లోతు పెరిగితే నోరు ఎక్కువ లాగుతుంది. స్లాబ్ కింద బీమ్ అడ్డొచ్చి గోడలోంచి అడ్డంగానే తీయాల్సి వస్తే పల్లాన్ని రెండంగుళాల లోతుకు దించండి, పైపు అడుగు ఆ పల్లం అడుగుకు సమానంగా ఉండాలి. చాలా ఇళ్లలో పైపు అడుగు నేల కంటే అర అంగుళం పైకి ఉంటుంది. అక్కడ ఎప్పుడూ నీళ్లు నిలిచే ఉంటాయి, ఆ చోటే కింద గదిలో సీలింగ్ చెమ్మ మొదలవుతుంది.

వాటర్‌ప్రూఫింగ్ పూత పల్లం దాకా వచ్చి ఆగకూడదు, పైపు నోట్లోకి నాలుగంగుళాలైనా దిగాలి. పైన పెట్టే జాలీ చదునుగా ఉండకూడదు. ఒక్క బాదం ఆకు చాలు, చదును జాలీ మొత్తం మూసేయడానికి. బోర్లించిన గిన్నెలా ఉబ్బెత్తుగా ఉండే జాలీ పెడితే కింద ఆకులు పేరుకున్నా పై భాగంలోంచి నీరు దిగుతుంది.

5. పైపుల మధ్య దూరం, వాటం

ఒక పైపుకూ ఇంకోదానికీ మధ్య 20 అడుగులు, అంటే ఆరు మీటర్లు మించకుండా చూసుకోవాలి. మించితే వాటం కోసం వేసే కాంక్రీటు మందం పెరిగిపోతుంది, స్లాబ్ మీద అనవసరపు బరువు. మన డాబాకు పొడుగు వైపుల రెండింటిలో రెండేసి పైపులు. ఒక్కోటి మూల నుంచి 10 అడుగుల దూరంలో ఉంటే రెండింటి మధ్యా 20 అడుగులు వస్తుంది. మూలల్లో పెట్టడం అందంగా ఉంటుందని చాలామంది అలా పెట్టిస్తారు, కానీ అప్పుడు ఆ వైపు రెండు పైపుల మధ్య దాదాపు 40 అడుగులు పడుతుంది.

ఈ అమరికలో డాబా నడుమ పొడవునా ఒక మిట్ట గీత ఉంటుంది. దాని మీద అన్నిటికంటే దూరపు బిందువు నుంచి పైపు నోటికి 17 అడుగులు. నూటికి ఒకటి వాటం ఇస్తే, అంటే ప్రతి 8 అడుగులకు ఒక అంగుళం లెక్కన, అక్కడికి రెండంగుళాల తేడా రావాలి. నోటి దగ్గర కాంక్రీటు అంగుళం మందం ఉంటే మిట్ట మీద మూడంగుళాలు.

మేస్త్రీకి "వాటం బాగా పెట్టు" అని చెబితే ఏమీ చెప్పనట్టే. నీళ్లు నింపిన లెవల్ ట్యూబ్‌తో పిట్టగోడ చుట్టూ ఒకే మట్టాన గీత కొట్టించండి. ఆ గీత నుంచి కిందికి కొలిచి మిట్ట దగ్గర ఎంత, నోటి దగ్గర ఎంత అన్నది గోడ మీద బొగ్గుతో రాయించి, ఆ కొలతలకు కాంక్రీటు బొట్లు పెట్టించాకే పని మొదలుపెట్టమనండి. గోడా నేలా కలిసే మూలను చేతి మందాన వంపుగా అద్దించాలి. ఆ మూలలో నిలిచే చెత్తా చెమ్మా రెండూ తగ్గుతాయి.

6. పిట్టగోడ ఎత్తు

నియమావళి ప్రకారం పిట్టగోడ కనీసం ఒక మీటరు ఎత్తు ఉండాలి, అంటే 3 అడుగుల 3 అంగుళాల పైన కొంచెం. అది పూర్తయిన నేల నుంచి కొలవాల్సిన ఎత్తు. ఇక్కడే అందరూ దెబ్బతింటారు. గోడ కట్టేటప్పుడు ఉన్నది ఉత్త స్లాబ్. తర్వాత దాని మీద వాటం కాంక్రీటు మూడంగుళాలు, టైల్సూ వాటి కింది మాలూ అంగుళంన్నర పడతాయి. మిట్ట గీత వెడల్పు వైపు గోడను తాకే చోట నేల నాలుగున్నర అంగుళాలు లేచిపోతుంది. స్లాబ్ మీద సరిగ్గా మీటరు కట్టిన గోడ అక్కడ మూడడుగుల లోపే మిగులుతుంది.

అందుకే స్లాబ్ మీద నుంచి 3 అడుగుల 8 అంగుళాలు కనీసం. పదేళ్లకో ఎప్పుడో మళ్లీ వాటర్‌ప్రూఫింగ్ చేసి పైన ఇంకో పొర వేస్తారు కాబట్టి ఇంకో రెండంగుళాలు కలిపి 3 అడుగుల 10 అంగుళాలు కట్టించండి. పిల్లలున్న ఇంట్లో గోడ ఎత్తుతో పాటు దాని పక్కన ఏముందో కూడా చూడాలి. గోడకు ఆనించిన అడుగున్నర సిమెంటు అరుగు ఉంటే, పిల్లవాడికి మిగిలిన గోడ రెండడుగులే.

గోడ పైభాగం వాలు డాబా లోపలికి ఉండాలి. బయటికి ఉంటే దుమ్ము కడిగిన నీళ్లన్నీ బయటి రంగు మీద నల్లటి చారలు కడతాయి.

7. అలుగు

ఇప్పుడు అసలు సంగతి. నాలుగు పైపులూ ఒకేసారి మూసుకుంటే ఏమవుతుంది? ఒక సెంటీమీటరు లోతు నీరు చదరపు మీటరుకు 10 కిలోల బరువు. మనుషులు తిరిగే డాబాకు భారత ప్రమాణం ఐ.ఎస్. 875 ప్రకారం డిజైన్‌లో తీసుకునే బరువు చదరపు మీటరుకు 150 కిలోలు. అంటే 15 సెంటీమీటర్ల నీరు నిలిస్తే చాలు, స్లాబ్‌కు లెక్క వేసిన బరువు మొత్తం వచ్చేసినట్టే. మీటరు ఎత్తు పిట్టగోడ మాత్రం చదరపు మీటరుకు వెయ్యి కిలోల దాకా నీటిని ఆపగలదు. గోడ ఎంత ఎత్తుగా కడితే అలుగు అంత అవసరం.

పైపులున్న పొడుగు గోడల్లో ఒక్కోదానికి ఒక్కో కంత చాలు. వెడల్పు 8 అంగుళాలు, ఎత్తు 4 అంగుళాలు. దాని అడుగు, పైపుల దగ్గరి నేల కంటే రెండంగుళాలు పైకి ఉండాలి. మామూలు వానలో అందులోంచి చుక్క కూడా రాదు. పైపులు మూసుకుని నీరు రెండంగుళాలు దాటితేనే పొర్లడం మొదలవుతుంది. 150 జోరు వానలో పైపులు ఒక్కటీ పని చేయకపోయినా ఈ రెండు కంతల మీదుగా అంగుళంన్నర, మహా అయితే రెండంగుళాల లోతుతో నీరంతా బయటికి పోతుంది. అప్పుడు డాబా మీద అత్యధిక లోతు పల్లపు వైపున నాలుగంగుళాలు, సుమారు 10 సెంటీమీటర్లు. స్లాబ్‌కు తట్టుకునే బరువే. ఒక కంతకు బదులు నాలుగంగుళాల పైపు ముక్క పెడితే పని జరగదు, గుండ్రటి నోటి సంగతి పైనే చెప్పుకున్నాం.

మెట్ల గది గడప ఈ మట్టం కంటే పైన ఉండాలి. గడపను పక్కనున్న నేల నుంచి ఆరంగుళాలు లేపితే అలుగు పొర్లుతున్నప్పుడు కూడా లోపలికి నీరు రాదు. చాలా ఇళ్లలో గడప ఒక అంగుళమే ఉంటుంది. అలాంటి ఇంట్లో అలుగు మెట్ల గదే.

కంత బయటి వైపు నుంచి తూము రాయి అడుగు మేర ముందుకు రావాలి, దాని కింద అంచున నీటి బొట్టు తెగేలా చిన్న గాడి ఉండాలి. అలుగును గుమ్మం మీద కానీ మీటర్ బోర్డు మీద కానీ పక్కింటి వైపు కానీ పెట్టొద్దు. అందరికీ కనబడే చోట పెట్టండి. పైపు మూసుకుందని డాబా ఎక్కకుండానే మీకు తెలిపే గుర్తు, అలుగు పారడమే.

8. కిందికి వెళ్లే దారి

పైపు కిందికి వెళ్తూ వెళ్తూ సైజు తగ్గకూడదు. రెండు నాలుగంగుళాల పైపుల్ని నేల దగ్గర కలిపి ఒకే నాలుగంగుళాల అడ్డం పైపులోకి వదలడం తరచూ చూస్తుంటాం. అడ్డం పైపుకు నిలువు పైపంత వేగం ఉండదు, కాబట్టి కలిపిన తర్వాత ఆరంగుళాలు వేయాలి. కింద మలుపు దగ్గర ఒకే నిటారు ఎల్బో బదులు రెండు నలభై ఐదు డిగ్రీల బెండ్లు, వాటికి పైన తలుపున్న ముక్క ఒకటి. అది లేకపోతే ఇరుక్కున్నది తీయడానికి పైపు కోయాల్సిందే.

వాన పైపును బాత్రూమ్ మ్యాన్‌హోల్‌లో కలపకండి. పెద్ద వానలో వీధి డ్రైనేజీ నిండితే నీరు వెనక్కి తన్ని కింది అంతస్తు బాత్రూమ్‌లోంచి పైకి వస్తుంది. ఇంకుడు గుంతకు వదిలితే మంచిదే, కానీ గుంత నిండాక మిగతా నీరు వీధి కాల్వకు పోయే దారి విడిగా ఉండాలి. లేకపోతే గుంత నిండిన మరుక్షణం పైపూ నిండుతుంది.

9. వానకు ముందే పరీక్ష

టైల్స్ వేయక ముందే చేయండి. మన ఇంట్లో ఒక్కో పైపు వాటా 150 జోరుకు సెకనుకు 1.1 లీటరు పైన. అంటే ఒక 20 లీటర్ల వాటర్ క్యాన్ 18 సెకన్లలో ఖాళీ కావాలి. ఆరు క్యాన్లు నింపుకుని, ఇద్దరు మనుషులు ఒకదాని తర్వాత ఒకటి ఆగకుండా, నోటికి నాలుగడుగుల దూరంలో నేల మీద పోయాలి. ఒకరు పల్లం అంచున స్కేలు నిలబెట్టి చూడాలి. నేల మీద నీటి లోతు అంగుళం దాటకుండా, చివరి క్యాన్ అయిన అర నిమిషంలో పల్లం ఖాళీ అయితే ఆ పైపు పాసైనట్టు. లోతు పెరుగుతూ పోతుంటే నోట్లోనో పైపులోనో సిమెంటు ముద్ద ఉంది. ప్లాస్టరింగ్ పనివాళ్లు మాల్ కడిగిన నీళ్లు పైపులో పోయడం మామూలే. అందుకే పని సాగినన్నాళ్లు నోటికి గోనెపట్టా కుక్కి ఉంచాలి, పరీక్షకు ముందు తీయడం మరిచిపోకూడదు.

తర్వాత చాన్నాళ్లకు ఇబ్బంది వస్తే, ఎక్కడ మూసుకుందో పైపే చెబుతుంది. డాబా మీద నీరు నిలిచి, పైపును తడితే డొల్లగా మోగితే ఇరుకు నోటి దగ్గరే. మొదటి అంతస్తు జాయింటులోంచి నీళ్లు చిమ్ముతుంటే పైపు నీటితో నిండి ఉంది, అడ్డు అంతకంటే కింద ఉంది. వానలు లేని రోజు కూడా చూడొచ్చు: పిట్టగోడ లోపలి వైపు, నేలకు కాస్త పైన అడ్డంగా మట్టి గీత కనిపిస్తే, కిందటి వానకు నీరు అక్కడి దాకా నిలిచిందని అర్థం.

పాత ఇంట్లో వాటం మార్చడం పెద్ద పని. ముందు అలుగు కంతలు కొట్టించండి, ఒక్క పూటలో అయిపోతుంది. తర్వాత అడ్డం నోటి ముందు పల్లం దించడం, ఆ తర్వాతే కోర్ కటింగ్‌తో కొత్త పైపు. స్లాబ్‌లో రంధ్రం బీమ్‌కు, కాలమ్‌కు దూరంగా పడేలా ఇంజినీరుతో చూపించుకోవాలి.

జాలీలు తీసి శుభ్రం చేయడం జూన్‌కు ముందు ఒకసారి, మొదటి పెద్ద వాన తర్వాత ఒకసారి. కోస్తాలో అక్టోబరు తుపాన్లకు ముందు ఇంకోసారి. వేసవిలో వడియాలు, మిరపకాయలు ఎండబెట్టిన ప్లాస్టిక్ పట్టాలు మడిచి లోపల పెట్టేయండి. గాలికి లేచిన పట్టా నోటి మీద పడితే నీటి బరువుకు అతుక్కుపోతుంది, నాలుగు కిలోల ఆకులు చేయలేని పని అది ఒక్కటే చేస్తుంది.